నలుగురు రాసినా ఒక్కరే చెప్పినట్టు ఉండాలంటే

అనంతపురంలో డ్రిప్పు సామాన్లు అమ్మి, పొలంలో బిగించి, తర్వాత రిపేర్లు కూడా చూసే ఒక మోస్తరు కంపెనీని అనుకుందాం. రైతుల కోసం తమ సైటులో వారానికో వ్యాసం పెడుతుంటారు. రాసేవాళ్లు నలుగురు. అగ్రికల్చర్ బీఎస్సీ చదివిన సలహాదారు ఒకరు, సేల్స్ చూసే అమ్మాయి ఒకరు, ఏళ్ల తరబడి పొలాల్లో ఫిల్టర్లు విప్పుతున్న సర్వీస్ మెకానిక్ ఒకరు, వ్యాసానికింతని తీసుకుని హైదరాబాదు నుంచి రాసే కంటెంట్ రైటర్ ఒకరు. విడివిడిగా చూస్తే ఎవరి వ్యాసానికీ వంక పెట్టలేం. నాలుగూ వరసపెట్టి చదివితే మాత్రం నాలుగు వేర్వేరు షాపులకు పోయి వచ్చినట్టుంటుంది.

ఇది అందానికి సంబంధించిన గొడవ మాత్రమే కాదు. ఒక వ్యాసంలో డ్రిప్పరు, ఇంకోదాంట్లో ఎమిటరు, మూడోదాంట్లో ఉద్గారిణి అని ఉంటే, ఇవి మూడూ వేర్వేరు సామాన్లేమో అని కౌంటరు దగ్గరకొచ్చి అడిగే రైతు ఉంటాడు. అడిగితే నయం. అడగకుండా పేజీ మూసేసేవాళ్లే ఎక్కువ.

ఇలాంటప్పుడు చాలా కంపెనీల్లో చేసే పని ఒకటుంది. మీటింగు పెట్టి, "మన భాష స్నేహంగా, నమ్మకంగా, సరళంగా ఉండాలి" అని తీర్మానించి, అందరికీ వాట్సాప్ చేస్తారు. దానివల్ల ఏమీ మారదు. సలహాదారు తన భాష నమ్మకంగా ఉందనే అనుకుంటాడు, సేల్స్ అమ్మాయి తనది స్నేహంగా ఉందనే అనుకుంటుంది. ఇద్దరికీ అబద్ధం చెబుతున్నామన్న అనుమానం కూడా రాదు. విశేషణాలతో భాష కుదరదు. ఫలానా వాక్యం ఇలా కాదు, ఇలా అని చూపిస్తే కుదురుతుంది. కిందదంతా అలా చూపించడం ఎలాగో చెప్పడానికే.

ముందు నలుగురి చేతా ఒకే పేరా రాయించండి

పాత వ్యాసాలు ముందేసుకుని పోల్చడం మొదలుపెడితే విషయం వేరు, పొడవు వేరు కాబట్టి తేడా భాషలో ఉందో విషయంలో ఉందో తేలదు. అందుకే ఒకే చిన్న విషయం ఇవ్వండి. రోజూ కస్టమర్లు అడిగేదయితే ఇంకా మంచిది. మన ఉదాహరణలో ఆ ప్రశ్న: "ఫిల్టరు ఎప్పుడు కడగాలి?" ఒకరిది ఒకరికి చూపించకుండా, ఐదారు వాక్యాల్లో రాయమనండి. ఇలాంటివి వస్తాయి.

సలహాదారు: "బిందు సేద్య విధానంలో ఉద్గారిణులు మూసుకుపోకుండా నివారించుటకు ఫిల్టర్లను నిర్ణీత కాలవ్యవధిలో శుభ్రపరచుకోవలసి ఉంటుంది. ప్రవేశ, నిర్గమ పీడనాల మధ్య వ్యత్యాసం చదరపు సెంటీమీటరుకు 0.5 కిలోలు మించినప్పుడు శుభ్రపరచవలెను."

సేల్స్ అమ్మాయి: "ఫిల్టర్ క్లీనింగ్ అంటే టెన్షన్ పడుతున్నారా? ఇక ఆ అవసరం లేదు! మా ఫిల్టర్లతో కేవలం పది నిమిషాల్లో మీ పని పూర్తి! మీ పంటకు తిరుగులేని రక్షణ!!"

మెకానిక్: "గేజీ చూసుకోన్నా. నీళ్లు లోపలికి పొయ్యేకాడ ఒకటిన్నర, బయటికొచ్చేకాడ ముప్పావు చూపిస్తాందంటే జల్లెడ మూసుకుపోయినట్టే. ఇంగ విప్పి కడగాల్సిందే. అట్లే నడిపిస్తే కడాన ఉండే చెట్లకు నీళ్లు చేరవు."

హైదరాబాదు రైటర్: "ఫిల్టర్ అనేది మీ డ్రిప్ వ్యవస్థ యొక్క గుండె. దీని యొక్క పనితీరు సరిగ్గా ఉండేలా చూసుకోవడం చాలా ముఖ్యం. మీరు ఒక రైతు అయితే, ఫిల్టర్ క్రమం తప్పకుండా శుభ్రం చేయబడాలి అని గుర్తుంచుకోండి. గేజ్ అందుబాటులో లేనట్లయితే, తరచుగా తనిఖీ చేయండి."

ఈ నాలుగింటినీ ఒకే కాగితం మీద అచ్చు వేసి, పేర్లు తీసేసి, నలుగురినీ కూర్చోబెట్టి చదివించండి. ఎవరినీ ఏమీ అననక్కర్లేదు, తేడా వాళ్లకే కనిపిస్తుంది. ఇంకో సంగతి కూడా కనిపిస్తుంది, దాన్ని వదలొద్దు. నాలుగింటిలోనూ పనికొచ్చే సరుకు వేర్వేరుగా ఉంది. ఎప్పుడు కడగాలో తేల్చే అంకె సలహాదారు దగ్గరుంది. అది పొలంలో ఎలా కనబడుతుందో, కడగకపోతే ఏమవుతుందో మెకానిక్ దగ్గరుంది. ఎంతసేపు పడుతుందన్నది సేల్స్ అమ్మాయి రాసింది, ఎందుకంటే కొనేముందు అందరూ ఆమెను అడిగేది అదే. గేజీ లేనివాళ్ల సంగతేమిటన్నది బయటి రైటరు ఒక్కరికే తట్టింది. భాష ఒకటి చేసే హడావిడిలో ఈ సరుకు పోగొట్టుకుంటే మిగిలేది నున్నగా ఉండే పేజీయే.

ఎవరి గొంతు తీసుకోవాలి?

కొత్తగా ఒక గొంతు కనిపెట్టాలని చూడకండి. మీ కంపెనీలో కస్టమర్లు ఇప్పటికే ఎవరి మాట వింటున్నారో చూడండి. డ్రిప్పులో నీళ్లు రాకపోతే రైతు ఎవరికి ఫోన్ చేస్తాడు? కంపెనీ నంబరుకు చేసినా "ఆ మెకానిక్ ఉన్నాడా" అని ఎవరి గురించి అడుగుతాడు? ఆ మనిషి ఫోన్లో జవాబు చెప్పే తీరే మీ గొంతుకు ముడిసరుకు.

ఆయన అనుమతి తీసుకుని ఐదారు ఫోన్ జవాబులు రికార్డు చేసి, అక్షరం పొల్లుపోకుండా రాయించండి. అవతలి రైతు పేరు, ఊరు తీసేయండి. ఆ కాగితం చదివితే కొన్ని అలవాట్లు బయటపడతాయి. మన మెకానిక్ సంగతే చూస్తే, ముందు ఏం చూడాలో చెబుతాడు, తర్వాత ఏమయి ఉంటుందో చెబుతాడు, చివర ఏం చేయాలో చెబుతాడు. వాక్యాలు పొట్టిగా ఉంటాయి. "చాలా ముఖ్యం" అన్న మాట ఎక్కడా లేదు. దానికి బదులు "కడాన ఉండే చెట్లకు నీళ్లు చేరవు" అంటాడు. ముఖ్యమో కాదో వినేవాడికే తెలిసిపోతుంది.

అయితే ఆయన మాటను ఉన్నది ఉన్నట్టు అచ్చు వేయడం కూడా కుదరదు. "చూపిస్తాంది", "పొయ్యేకాడ" అనంతపురంలో చెవికి ఇంపుగానే ఉంటాయి, ఆయన నోటి నుంచి వింటే ఇంకా బాగుంటాయి. కానీ అదే యాసలో సలహాదారు రాయబోతే ఎగతాళి చేసినట్టుంటుంది, హైదరాబాదు రైటరు రాస్తే అది యాస కూడా కాదు, వేషం. నలుగురు పట్టుకోగలిగేది కావాలి. నేను వాడే సూత్రం ఇది: వస్తువుల పేర్లు, పని పేర్లు ఇక్కడివి, క్రియలు అందరూ రాసేవి. జల్లెడ, గేజీ, బోరు, గట్టు, "రెండించుల నీళ్లు" అన్నవి అలాగే ఉంటాయి. "చూపిస్తాంది" మాత్రం "చూపిస్తుంది" అవుతుంది. ఈ ఒక్క నిర్ణయంతో సగం గొడవ తీరుతుంది, ఎందుకంటే రాసేవాళ్లు తప్పేది ఎక్కువగా ఇక్కడే.

నమూనా పేరా తయారు చేయండి

ఇప్పుడు నలుగురి సరుకూ తీసుకుని, ఆ గొంతులో ఒక పేరా రాయండి. అందరూ కలిసే రాస్తే మంచిది.

"ఫిల్టరుకు అటూ ఇటూ ఉన్న రెండు గేజీలు చూడండి. నీళ్లు లోపలికి పోయే వైపు 1.5 కిలోలు, బయటికి వచ్చే వైపు 0.75 కిలోలు చూపిస్తుంటే జల్లెడ మూసుకుపోయినట్టే. తేడా 0.5 కిలో దాటినప్పుడల్లా మోటరు ఆపి, జల్లెడ విప్పి కడగండి. పది నిమిషాల పని. కడగకుండా నడిపిస్తే వరస చివర ఉన్న చెట్లకు నీళ్లు అందవు. గేజీలు లేకపోతే వారానికొకసారి విప్పి చూడటమే దారి."

ఇందులో "మోటరు ఆపి" అన్నది నలుగురిలో ఎవరూ రాయలేదు, గమనించారా? మెకానిక్ దృష్టిలో అది చెప్పాల్సిన విషయమే కాదు. మిగతావాళ్లు ఫిల్టరు విప్పలేదు కాబట్టి వాళ్లకు తట్టలేదు. అందరూ కలిసి కూర్చుంటే ఎవరో ఒకరు "నడుస్తుండగానే విప్పొచ్చా?" అని అడుగుతారు. అడిగేలా చూడండి. 0.5 అన్న అంకె కూడా అంతే. అది మీరు అమ్మే ఫిల్టరు మాన్యువల్లో ఏముందో చూసి వేయాల్సినది, ఎవరో చెప్పారని వేయాల్సినది కాదు.

ఈ నమూనా పేరా, దాని కింద మొదట వచ్చిన నాలుగు పేరాలు, రెండూ దాచిపెట్టండి. నియమాలన్నీ వీటి తేడాలోంచే పుడతాయి.

ఒక్క పేజీ నియమాలు

నియమాల పత్రం ఒక పేజీ దాటకూడదు. ఇరవై పేజీలు రాసిన కంపెనీలున్నాయి. ఆ ఇరవై పేజీలూ రాసినవాడు తప్ప ఇంకెవరూ చదవరు. ప్రతి నియమానికీ ఒక నంబరు, ఒక "ఇలా కాదు", ఒక "ఇలా" ఉంటే చాలు. మన డ్రిప్పు కంపెనీ పేజీలో ఏమేమి ఉండాలో చూద్దాం.

మొదటిది క్రియల సంగతి. చేయాల్సిన పని చెప్పేటప్పుడు "కడగండి, విప్పండి, చూడండి". "శుభ్రపరచవలెను", "చేయవలసి ఉంటుంది", "చేయబడాలి" వద్దు. గిడుగు రామమూర్తి గారు వ్యావహారికం కోసం పోరాడి నూరేళ్లు దాటినా "వలెను" ఇంకా నోటీసు బోర్డుల్లో బతికే ఉంది. చదువుకున్నవాళ్లు సీరియస్ విషయం రాయగానే చేతికి అదే వస్తుంది. దీనికి సలహాదారును తప్పుపట్టి లాభం లేదు. "ఈ మాట రైతుతో గట్టు మీద నిలబడి ఎలా చెబుతారు?" అని అడిగితే ఆయనే సరిగ్గా చెబుతాడు.

రెండోది ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారన్నది. చదివేవాళ్లను "మీరు" అంటాం. కంపెనీ చేసేదానికి "మేము". ఇద్దరూ కలిసి చేసేదానికే "మనం". సేల్స్ రాతల్లో "మనం" విపరీతంగా వస్తుంది. "మన పొలం", "మన పంట" అన్నప్పుడు ఆప్యాయంగానే ఉంటుంది. "మనం ఈ నెల నుంచి రేట్లు సవరించుకున్నాం" అనేసరికి చదివేవాడికి ఒళ్లు మండుతుంది. అది మేమే, అలాగే రాయాలి. వ్యాసం కింద రాసిన మనిషి పేరు ఉంటే "నేను" అనొచ్చు. మెకానిక్ తన అనుభవం చెప్పేటప్పుడు "నేను చూసిన తోటల్లో" అంటేనే బాగుంటుంది.

మూడోది పేర్ల జాబితా. ఒక్కో వస్తువుకు ఒక్కటే పేరు. డ్రిప్పరు అంటే డ్రిప్పరే, ఎమిటరు కాదు, ఉద్గారిణి కాదు. లేటరల్ పైపు అన్నది కౌంటరులో అందరికీ అర్థమవుతుంది కాబట్టి ఉంచాలి. ఇక్కడ ఆలోచించాల్సింది పంటల పేర్ల గురించి. మన దగ్గర చీనీ అంటారు, మిగతా చోట్ల బత్తాయి. ఇక్కడి రైతు బత్తాయి అన్న మాట వాడడు కాబట్టి చీనీయే రాయాలి. కోస్తా నుంచి కూడా చదువుతారనుకుంటే మొదటిసారి "చీనీ, అంటే బత్తాయి" అని ఒక్కసారి చెప్పి వదిలేయండి. వేరుశనగ విషయంలో మాత్రం నేను మాటల్లో వచ్చే శనక్కాయ వద్దంటాను. విత్తనాల సంచీ మీదా, మార్కెట్ యార్డులోనూ వేరుశనగ అనే ఉంటుంది, అందరికీ అలవాటే. అంటే స్థానికమైనదే గొప్ప అని కాదు. రైతు ఆ వస్తువును ఏ పేరుతో అడుగుతాడు, ఏ పేరుతో చదువుతాడు అన్నదే కొలత.

ఊళ్ల పేర్లకూ ఇదే పేజీలో చోటివ్వండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక ధర్మవరం, హిందూపురం, కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. ఒకరు "అనంతపురం జిల్లా ధర్మవరం" అనీ, ఇంకొకరు కొత్త పేరూ రాస్తే ఆ రెండు చోట్లా చదివేది ధర్మవరం మనిషే. రెండు జిల్లాల గురించి కలిపి చెప్పాల్సి వస్తే "ఉమ్మడి అనంతపురం జిల్లా" అని పెట్టుకోవచ్చు.

నాలుగోది అక్షరాల గురించి. చిన్నదిగా కనిపిస్తుంది కానీ తెలుగులో రాసే ప్రతి టీమునూ ఇది ఏడిపిస్తుంది. ఇంగ్లిషు మాట హల్లుతో ఆగిపోతే, దానికి "లో", "కు" తగిలించేటప్పుడు అక్షరాలు అతుక్కోకుండా మధ్యలో కంటికి కనపడని గుర్తు ఒకటి పెట్టాలి. ఒకరు పెడతారు, ఇంకొకరు పెట్టరు. అప్పుడు ఒకచోట "డ్రిప్‌లో", మరోచోట "డ్రిప్లో" అని పడుతుంది. చూడటానికే కాదు, వెతికేటప్పుడు కూడా ఒకటి దొరికి ఇంకోటి దొరక్కపోవచ్చు. దీనికి తేలికైన మందు తెలుగులోనే ఉంది. చివర ఉకారం చేర్చేయండి: డ్రిప్పు, ఫిల్టరు, వాల్వు, పైపు, మోటరు. ఇక డ్రిప్పులో, ఫిల్టరుకు, వాల్వును అని ఏ గుర్తూ లేకుండా సాఫీగా వచ్చేస్తాయి. పైగా జనం పలికేదీ ఇలాగే. అన్ని మాటలకూ ఇది కుదరదు, బలవంతం చేయకండి. ఎక్కువగా వాడే ఓ పదిహేను మాటలకు పెట్టుకుంటే చాలు. "నీళ్లు", "నీళ్ళు" లాంటివాటిలో కూడా ఏదో ఒకటి ఎంచుకోండి. ఏది ఒప్పు అని వాదించుకుంటూ కూర్చుంటే సాయంత్రమవుతుంది.

ఐదోది గొప్పలు. ఆశ్చర్యార్థకం వ్యాసంలో ఎక్కడా వద్దు. "అత్యాధునిక", "తిరుగులేని", "అద్భుతమైన" వద్దు. ఆ చోట ఒక అంకె గానీ, జరిగేది గానీ రాయాలి. "పది నిమిషాల పని" అన్నది "కేవలం నిమిషాల్లో పూర్తి" కంటే బాగా అమ్ముతుందని సేల్స్ అమ్మాయికి నచ్చజెప్పడం మొదట్లో కొంచెం కష్టమే. ఆమె రాసిన పది నిమిషాలే నమూనా పేరాలోకి వచ్చిందని చూపిస్తే తేలికవుతుంది.

ఆరోది సబ్సిడీ. డ్రిప్పుకు ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీ శాతం రైతు కేటగిరీని బట్టి, ఉన్న భూమిని బట్టి, ప్రభుత్వ ఉత్తర్వులను బట్టి మారుతుంది. ఆ శాతాలు వ్యాసాల్లో ఎక్కడా రాయకండి. ఒకే పేజీలో పెట్టి, మిగతా అన్నిచోట్లా ఆ పేజీకి దారి చూపండి. లేకపోతే మూడు వ్యాసాల్లో మూడు శాతాలు మిగిలిపోతాయి. భాష ఒకటైనా అంకెలు మూడైతే ఆ గొంతును ఎవరు నమ్ముతారు?

దిద్దేవాళ్లు ఒక్కరే ఉండాలి, వాళ్లకూ హద్దుండాలి

ప్రతి వ్యాసాన్నీ రెండుసార్లు చూడాలి, ఇద్దరు చూడాలి. మొదట విషయం తెలిసినవాళ్లు తప్పొప్పులు చూస్తారు. ఆ తర్వాత భాష చూసే ఒక్కరు. ఈ వరస తిప్పకండి. భాష దిద్దాక విషయం మారిస్తే మళ్లీ దిద్దాల్సి వస్తుంది. భాష చూసేది ఇద్దరైతే రెండు గొంతులు తయారవుతాయి. ఆ ఒక్కరూ మేనేజరే కానక్కర్లేదు, ఆఫీసులో తెలుగు పేపరు శ్రద్ధగా చదివే మనిషైతే చాలు.

గూగుల్ డాక్స్ వాడుతుంటే మార్పులన్నీ సజెషన్ మోడ్‌లో పెట్టండి. ప్రతి మార్పు పక్కనా నియమం నంబరు వేయండి. "శుభ్రపరచవలెను" కొట్టేసి "కడగండి" అని పెట్టి, పక్కన "1" అంటే సరిపోతుంది. ఉపన్యాసం అక్కర్లేదు. దిద్దేవాళ్లకు ఒక వాక్యం నచ్చలేదు, కానీ వేయడానికి నంబరు దొరకలేదు అనుకోండి. అప్పుడు రెండే దారులు: కొత్త నియమం రాయాలి, లేదంటే ఆ వాక్యాన్ని ముట్టుకోకూడదు. ఈ కట్టుబాటు లేకపోతే ఆరు నెలలు తిరిగేసరికి కంపెనీ గొంతు పోయి దిద్దేమనిషి గొంతు మిగులుతుంది. రాసేవాళ్లు కూడా "ఎలాగూ మారుస్తారు కదా" అని చేతికొచ్చింది రాసి పడేస్తారు. నంబర్లతో ఇంకో లాభం కూడా ఉంది. ఒకరికి పదేపదే అదే నంబరు పడుతుంటే, ఆ మనిషితో ఒకసారి కూర్చుని మాట్లాడాలని తెలుస్తుంది. అందరికీ ఒకే నంబరు పడుతుంటే ఆ నియమమే బాగాలేదని అర్థం.

భాష దిద్దేవాళ్లు అసలు తాకకూడనివి మూడున్నాయి: అంకెలు, పనుల వరస, హెచ్చరికలు. ఎందుకో ఒక వాక్యం చూస్తే తెలుస్తుంది. బోరు నీళ్లలోని ఉప్పు పేరుకుని డ్రిప్పర్లు మూసుకుపోతే యాసిడ్‌తో కడుగుతారు. దాని గురించి సలహాదారు ఇలా రాశాడనుకుందాం: "ముందు డ్రమ్ములో నీళ్లు పోసుకుని, ఆ నీళ్లలో యాసిడ్ కొద్దికొద్దిగా పోయాలి." భాష చూసేవాళ్లకు ఇది సాగదీసినట్టు అనిపించి "డ్రమ్ములో యాసిడ్, నీళ్లు పోసి కలపండి" అని పొట్టి చేయొచ్చు. చదవడానికి హాయిగా ఉంది, నియమాల ప్రకారం కూడా సరిగ్గానే ఉంది. కానీ ముందు యాసిడ్ పోసి దాని మీద నీళ్లు పోస్తే ఒక్కసారిగా వేడెక్కి మొహం మీదికి చిమ్ముతుంది. ఆ వరస చెప్పడానికే ఆయన అంత పొడుగు వాక్యం రాసింది. దిద్దాలంటే ఇలా దిద్దాలి: "ముందు డ్రమ్ములో నీళ్లు పోయండి. తర్వాత ఆ నీళ్లలో యాసిడ్ కొద్దికొద్దిగా పోయండి. యాసిడ్ మీద నీళ్లు ఎప్పుడూ పోయకండి." పొడవు పెరిగింది, పెరగనివ్వండి. ఇలాంటి పేరాలు దిద్దాక రాసినవాళ్లకు మళ్లీ చూపించకుండా పెట్టకండి.

గొంతు ఒకటే అయినా సందర్భాన్ని బట్టి తగ్గీ హెచ్చీ ఉంటుంది. ఉగాది శుభాకాంక్షలు చెప్పేటప్పుడు ఉన్న హుషారు, లేటరల్ పైపుల్లో ఒక లాట్ బాగా రాలేదని చెప్పాల్సి వచ్చినప్పుడు ఉండదు. అప్పుడు కూడా పొట్టి వాక్యాలే, "మేము" అనే. హాస్యం మాత్రం పక్కన పెట్టి, ఏ తేదీల్లో కొన్నవాళ్లు ఏం చేయాలో మొదటి వాక్యంలోనే చెప్పండి.

జారిపోతోందని ఎలా తెలుస్తుంది?

మొదటి నెల అందరూ జాగ్రత్తగానే రాస్తారు. ఆ తర్వాత మెల్లగా పాత అలవాట్లు వచ్చేస్తాయి. పట్టుకోవడానికి రెండు దారులు చాలు.

ఒకటి వెతకడం. వ్యాసం తెరిచి Ctrl+F నొక్కి ఈ ముక్కలు ఒక్కొక్కటిగా వెతకండి: యొక్క, అనేది, వలెను, బడు, నందు, కలదు, ఆశ్చర్యార్థకం. "యొక్క" దొరికిందంటే దాదాపు ప్రతిసారీ తీసేయొచ్చు, "ఫిల్టరు యొక్క జల్లెడ" కంటే "ఫిల్టరు జల్లెడ" బాగుంటుంది. "బడు" వెతికితే "చేయబడును" దొరుకుతుంది, "పెట్టుబడులు" కూడా దొరుకుతుంది. "అనేది" కొన్నిచోట్ల అవసరమే. కాబట్టి చూసి తీయండి, గుడ్డిగా మార్చేయకండి. ఇదంతా ఐదు నిమిషాల పని. రాసినవాళ్లే పంపేముందు చేసుకుంటే దిద్దేవాళ్ల భారం బాగా తగ్గుతుంది.

రెండోది పేర్లు దాచి చదివించడం. మూడు నెలలకొకసారి అందరివీ కలిపి ఎనిమిది వ్యాసాల మొదటి పేరాలు ఒక కాగితం మీదికి తీయండి. రాసినవాళ్లకు కాకుండా కౌంటరులో ఉండేవాళ్లకు, స్టోరు చూసేవాళ్లకు ఇచ్చి ఏది ఎవరు రాశారో చెప్పమనండి. "ఇది సారు రాసింది, వలెనులు ఉన్నాయి" అంటే పని మిగిలినట్టు. "ఇది మెకానిక్ రాసిందే, గార్లదిన్నె తోట సంగతి ఉంది" అంటే కంగారు పడనక్కర్లేదు. మాటల తీరును బట్టి పట్టుబడకూడదు గానీ, చెప్పిన విషయాన్ని బట్టి పట్టుబడితే నష్టం లేదు. ఆ అనుభవం ఆ మనిషి దగ్గరే ఉంటుంది మరి. రెండూ కలిపేసుకుని అనుభవాలను కూడా చదును చేసేస్తే నాలుగు వ్యాసాలూ ఎవరూ రాయనట్టు ఉంటాయి.

బిగ్గరగా చదివించడం కూడా మంచిదే అంటారు. పొడుగు వాక్యాలు అక్కడ దొరికిపోతాయి, నిజమే. కానీ ఆఫీసులో అందరి ముందూ చదవమంటే జనానికి మొహమాటం. ఒంటరిగా ఫోన్లో రికార్డు చేసుకుని వినమనండి.

బయటి రైటరు, పాత వ్యాసాలు

హైదరాబాదు నుంచి రాసే మనిషికి ఒక్క పేజీ నియమాలు మెయిల్ చేస్తే సరిపోదు. ఆయన ఇక్కడి మనుషులతో మాట్లాడలేదు. నమూనా పేరా, ఫోన్ జవాబుల కాగితం కూడా పంపండి. వ్యాసం అప్పగించేటప్పుడు విషయం పేరు ఒక్కటీ ఇవ్వకుండా మెకానిక్ నంబరు ఇచ్చి, పావుగంట మాట్లాడి రాయమనండి. ఆ పావుగంటకు కూడా డబ్బు లెక్క కట్టండి. "మీరు ఒక రైతు అయితే" లాంటి వాక్యాలు చాలామటుకు ఇంగ్లిషు పేజీ పక్కన పెట్టుకుని రాయడం వల్ల వచ్చేవే. మనిషితో మాట్లాడి రాస్తే అవి వాటంతట అవే పోతాయి. మొదటి రెండు వ్యాసాలు ఎక్కువగా దిద్దాల్సి వస్తుంది. మూడోది కూడా అలాగే వస్తే రైటరును మార్చడం గురించి ఆలోచించొచ్చు.

పాత వ్యాసాలన్నీ కూర్చుని దిద్దుదామని ఎవరైనా ఉత్సాహపడతారు. వద్దు, సగంలో ఆగిపోతుంది. ఎక్కువమంది చదివే పది వ్యాసాలు ఏవో సైటు లెక్కల్లో చూసి, వాటిని మాత్రం కొత్త గొంతులోకి మార్చండి. మిగతావాటిలో వస్తువుల పేర్లు, జిల్లా పేర్లు మాత్రం సరిచేసి, సబ్సిడీ శాతాలు తీసేసి వదిలేయండి. నియమాల పేజీ మీద తేదీ వేయడం మరవకండి. ఒక నియమం మార్చినప్పుడు పాత పేజీ తీసేసి కొత్తది పెట్టండి, లేకపోతే సలహాదారు దగ్గర పోయినేడాది ప్రింటు ఉంటుంది, సేల్స్ అమ్మాయి ఫోన్లో మొన్నటి ఫోటో ఉంటుంది.